మేకల మశూచి: జ్వరం తగ్గినా, పక్కు రాలేదాకా వేరుగానే

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనికోసం శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్లిన కుటుంబాలతో ఖరగ్‌పూర్‌లో తెలుగు వాడలు ఏర్పడ్డాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ పెరిగే మేకల్లో ఎక్కువ భాగం బ్లాక్ బెంగాల్ జాతివి. చిన్న శరీరం, పొట్టి కాళ్లు, ఒక్కో ఈతకు రెండు మూడు పిల్లలు వీటి లక్షణాలు. చోటు తక్కువగా ఉన్న ఇంట్లో కూడా నాలుగైదు మేకలను సాకవచ్చు. పిల్లల చదువుకో, ఆసుపత్రి ఖర్చుకో ఒకటి అమ్ముకోవచ్చు.

ఇలాంటి చిన్న మందలకు పెద్ద దెబ్బ వేసే రోగాల్లో మేకల మశూచి ఒకటి. గొర్రెలకు వచ్చేదాన్ని గొర్రెల మశూచి లేదా బొబ్బ రోగం అంటారు. బెంగాలీలో ఈ జబ్బును 'బసంతో' అంటారు. వసంత రుతువుకూ, ఒంటిమీద పొక్కులు లేచే జబ్బుకూ ఆ భాషలో ఒకటే మాట. తెలుగు ఇళ్లలో 'అమ్మవారు పోసింది' అంటారు. ఏ పేరుతో పిలిచినా, జబ్బు చేసిన మేకను వేరుగా కట్టడం చాలామందికి తెలిసిన పనే. ఎన్నాళ్లు వేరుగా ఉంచాలన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది. జ్వరం తగ్గి, మేక మేత మొదలుపెట్టగానే తిరిగి మందలో కలిపేస్తారు. అప్పటికి దాని ఒంటిమీద పక్కులు ఇంకా రాలవు.

ఏమిటీ వైరస్?

ఈ జబ్బుకు కారణం కాప్రిపాక్స్ అనే వైరస్‌ల ప్రజాతి. ఇందులో మూడు సభ్యులున్నాయి. గొర్రెల మశూచి వైరస్, మేకల మశూచి వైరస్, పశువులకు ముద్దచర్మ వ్యాధి తెచ్చే లంపీ స్కిన్ వైరస్. మూడూ ఒకదానికొకటి చాలా దగ్గరివి. గొర్రెల వైరస్ ఎక్కువగా గొర్రెలకు, మేకల వైరస్ ఎక్కువగా మేకలకు సోకుతుంది. అయితే కొన్ని రకాలు రెండింటికీ సోకుతాయి. అందువల్ల గొర్రెలు, మేకలు కలిసి ఉన్న మందలో ఒకదానికి వచ్చినా రెండింటినీ గమనించాలి.

మనుషుల మశూచికి కారణమైన వైరస్ వేరు. దాన్ని ప్రపంచం నుంచి నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. మేకల మశూచి మనుషులకు సోకుతుందనడానికి గట్టి ఆధారం లేదు. దీన్ని గురించి భయపడవలసింది మనిషి ఆరోగ్యం విషయంలో కాదు, మంద విషయంలో.

రోగం సోకే దారులు మూడు. మొదటిది, దగ్గరగా ఉన్న మేకల ముక్కు, నోటి స్రావాలు, తుంపరలు. రెండవది, పొక్కుల నుంచి, పక్కుల నుంచి వైరస్ అంటిన పాక, గడ్డి, తాడు, దాణా తొట్టె. చర్మంమీద చిన్న గీత ఉన్నా వైరస్‌కు అది చాలు. మూడవది, కుట్టే ఈగలు. రోగం ఉన్న మేకను కుట్టిన ఈగ నోటికి అంటిన వైరస్ మరో మేకకు చేరగలదని ప్రయోగాల్లో తేలింది.

రోజు రోజుకు ఎలా మారుతుంది?

వైరస్ సోకిన తరువాత లక్షణాలు కనబడడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదట జ్వరం. ఆరోగ్యంగా ఉన్న మేక శరీర ఉష్ణోగ్రత సుమారు 102 నుంచి 103.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. ఈ జబ్బులో 104 నుంచి 107 వరకు పోవచ్చు. మేక మేత మానేస్తుంది, వీపు వంచి నిలబడుతుంది. కళ్లు ఎర్రబడి నీరు కారతాయి, ముక్కు కారుతుంది.

ఒకటి రెండు రోజుల్లో చర్మంమీద ఎర్రని మచ్చలు వస్తాయి. అవి గట్టిబడి అర సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పున్న బొడిపెలవుతాయి. మనుషుల మశూచిలో లాగా నీటి పొక్కులు మేకల్లో అంతగా కనబడవు. బొడిపె మధ్యభాగం చచ్చిపోయి, నల్లబడి, పక్కు కడుతుంది. ఈ పక్కు రాలడానికి ఆరు వారాల వరకు పట్టవచ్చు. రాలినచోట గుంట మచ్చ మిగులుతుంది. బ్లాక్ బెంగాల్ మేక తోలు నాణ్యతకు పేరుపొందినది కాబట్టి, బతికిన మేకలోనూ ఆ మచ్చ నష్టమే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నల్లని మేకమీద ఎర్రమచ్చ కంటికి కనబడదు. అందుకే మేక డీలాగా ఉన్నప్పుడు వెంట్రుకలు తక్కువగా ఉండే చోట్లను వేళ్లతో తడిమి చూడాలి. తోక కింద, తొడల లోపలి భాగం, చెవులు, పెదవులు, పొదుగు, పోతుమేక అయితే వృషణాల సంచి. చర్మంలో శనగగింజలాంటి గట్టి ముద్దలు వేలికి తగిలితే వెంటనే పశువైద్యుడికి చెప్పాలి.

బొడిపెలు చర్మానికే పరిమితం కావు. నోట్లో, ముక్కులో, ఊపిరితిత్తుల్లో కూడా లేస్తాయి. మేక ఎగశ్వాస తీస్తూ, దగ్గుతూ ఉంటే ఊపిరితిత్తులకు చేరిందని అనుమానించాలి. ప్రాణం తీసేది చాలాసార్లు చర్మంమీది పొక్కు కాదు, లోపలి ఈ దెబ్బే. రోగం చాలాకాలంగా ఉన్న ప్రాంతాల్లో పెద్ద మేకలు ఎక్కువగా కోలుకుంటాయి. పాలు తాగే పిల్లలు మాత్రం పెద్ద సంఖ్యలో చనిపోతాయి.

దేనితో పొరబడతారు?

నోటిపుండ్ల జబ్బులో, అంటే ఆర్ఫ్‌లో, పెదవుల చుట్టూ పులిపిరుల్లాంటి పక్కులు కడతాయి, కానీ ఒళ్లంతా బొడిపెలు రావు. ఆర్ఫ్ మనుషుల చేతులకు అంటుకుంటుంది. కాబట్టి ఏ జబ్బో తేలేదాకా చేతికి తొడుగు లేకుండా పుండును తాకకూడదు. పి.పి.ఆర్. అనే మేకల పారుడు రోగంలో జ్వరం, ముక్కు కారడం, నోటిపూత ఉంటాయి. వాటితోపాటు పలచని విరేచనాలు ఉంటాయి, చర్మంలో ముద్దలు ఉండవు. పురుగు కుట్టి వచ్చిన దద్దుర్లు గంటల్లో లేచి, ఒకటి రెండు రోజుల్లో అణిగిపోతాయి. మశూచి బొడిపె అణగదు, గట్టిపడుతుంది. రూఢిగా తెలియాలంటే పక్కును లేదా బొడిపె ముక్కను ప్రయోగశాలలో పి.సి.ఆర్. పరీక్ష చేయాలి. నమూనా తీయడం, పంపడం పశువైద్యుడి పని.

వేరుచేయడంలో రెండు దశలు

మేక ఒంటి నుంచి వైరస్ బయటికి వచ్చే తీరు అన్ని రోజులూ ఒకేలా ఉండదు. బొడిపెలు లేచిన మొదటి వారం అత్యంత ప్రమాదకరం. అప్పటికి మేక శరీరంలో యాంటీబాడీలు తయారుకావు. నోరు, ముక్కు లోపలి బొడిపెలు పగిలి స్రావాల్లో వైరస్ ధారాళంగా వస్తుంది. తరువాత యాంటీబాడీలు పెరిగేకొద్దీ స్రావాల్లో వైరస్ తగ్గుతుంది. ఇది మొదటి దశ. దీనికి కావలసింది దూరం.

రెండవ దశ పక్కులది. పక్కులో వైరస్ చాలా ఉంటుంది. అయితే అది యాంటీబాడీలతో చుట్టబడి ఉండడంవల్ల ఎంతవరకు రోగం అంటించగలదన్న దానిమీద శాస్త్రజ్ఞుల్లో చర్చ ఉంది. కానీ ఎండ తగలని పాకలో ఈ వైరస్ ఆరు నెలల వరకు, రాలిన వెంట్రుకల్లో మూడు నెలల వరకు బతకగలదు. అంతకాలం నిలిచే వైరస్ విషయంలో పక్కును ప్రమాదకరమైనదిగానే లెక్కించాలి. ఈ దశకు కావలసింది శుభ్రత. జ్వరం తగ్గగానే మేకను మందలో కలిపేవారు మొదటి దశను మాత్రమే పాటిస్తున్నారు, రెండవ దశను మరచిపోతున్నారు.

ఒక ఇంటి లెక్క

ఊహించిన ఒక ఉదాహరణతో దీన్ని చూద్దాం. ఖరగ్‌పూర్‌లో ఒక ఇంట్లో రెండు తల్లిమేకలు, మూడు పిల్లలు ఉన్నాయి. వారపు సంతలో ఒక పోతుమేకను కొని, వచ్చినరోజే మిగతావాటి పక్కన కట్టారు. తొమ్మిదో రోజున పోతుకు జ్వరం వచ్చింది. పదకొండో రోజున తోక కింద ముద్దలు వేలికి తగిలాయి. అంటే సంతకు రాకముందో, సంతలోనో వైరస్ సోకి ఉండవచ్చు.

పదకొండో రోజునే పోతును పెరట్లో మరో మూలకు మార్చాలి. మధ్యలో గోడో, తడికో ఉండాలి. గాలి రోగం ఉన్న మేక వైపు నుంచి మంచివాటి వైపు వీచని చోటు చూడాలి. మురుగునీరు కూడా అటునుంచి ఇటు పారకూడదు. నీళ్ల బకెట్టు, దాణా తొట్టె, తాడు విడిగా ఉండాలి. మేత వేసేటప్పుడు ముందు ఆరోగ్యంగా ఉన్నవాటి పని ముగించి, చివర రోగం ఉన్నదాని దగ్గరకు వెళ్లాలి. అక్కడినుంచి వచ్చాక సబ్బుతో చేతులు, కాళ్లు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. వీలైతే రెండు పనులకు ఇద్దరు మనుషులు ఉండడం మేలు. ఇంట్లో మేకలేవీ ఖాళీ స్థలాల్లోకి, పట్టాల పక్కకు మేతకు పోకూడదు. ఇరుగుపొరుగు మేకలు కలిసేది అక్కడే.

మిగిలిన ఐదు మేకలు ఆరోగ్యంగా కనబడుతున్నా, పది రోజులకు పైగా పోతుతో కలిసి ఉన్నాయి. వాటిలో ఎవరికైనా వైరస్ సోకి ఉండవచ్చు. అందుకని వాటిని 'మంచివి' అని కాక 'అనుమానంలో ఉన్నవి' అని చూడాలి. ఉదయం సాయంత్రం జ్వరం చూడాలి. ఈ ఇంట్లో ఇరవయ్యో రోజున ఒక పిల్లకు జ్వరం వచ్చిందనుకుందాం. దాన్ని కూడా, పాలిచ్చే తల్లితో సహా, వేరుచేయాలి. తల్లి పొదుగుమీద బొడిపెలు లేస్తే నొప్పికి పిల్లను తాగనివ్వదు. అప్పుడు పాలు పిండి, శుభ్రమైన సీసాతో పిల్లకు పట్టించాలి. పాలు పిండకపోతే పొదుగువాపు వస్తుంది.

లెక్క చివరి రోగి నుంచి మొదలవుతుంది. చివరిగా జబ్బుపడిన పిల్ల ఒంటిమీది ఆఖరి పక్కు అరవయ్యో రోజున రాలిందనుకుంటే, ఆ రోజున పాకను పూర్తిగా శుభ్రం చేయాలి. తరువాత మరో 21 రోజులు కొత్త మేక రాకుండా, ఉన్నది అమ్మకుండా చూడాలి. అంతర్జాతీయ జంతు ఆరోగ్య నిబంధనల్లో ఈ రోగం పొదిగే కాలంగా పెట్టుకున్న గడువు 21 రోజులే. మొత్తం 81 రోజులు. కొన్న పోతును మొదట్లోనే 21 రోజులు వేరుగా కట్టి ఉంటే జబ్బు దానితోనే ఆగిపోయేది.

పాకను శుభ్రం చేసేటప్పుడు వరుస ముఖ్యం. ముందు పేడ, గడ్డి, రాలిన పక్కులు, వెంట్రుకలు తడిపి ఊడ్చి తీయాలి. పొడిగా ఊడిస్తే ధూళి లేస్తుంది. తీసినదాన్ని కాల్చాలి లేదా లోతుగా పూడ్చాలి. తరువాత సబ్బునీటితో నేల, గోడలు కడగాలి. ఆ తరువాతే 2–3 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం చల్లాలి. పేడ ఉన్నచోట ఈ మందు తన బలమంతా పేడమీదే పోగొట్టుకుంటుంది. చల్లేటప్పుడు మేకలు పాకలో ఉండకూడదు. ఆరి, వాసన పోయాకే వాటిని కట్టాలి. ఎండ తగిలేలా పైకప్పు తడికలు తీసి ఉంచడం కూడా పనికొస్తుంది.

చర్మానికి చేయవలసిన సేవ

వైరస్‌ను చంపే మందు మేకల కోసం వాడుకలో లేదు. పుండ్లకు చేసే సేవకు వేరే లక్ష్యాలున్నాయి. చచ్చిన చర్మంలో బాక్టీరియా చేరకుండా, ఈగలు గుడ్లు పెట్టకుండా, మేక తినగలిగేలా చూడడమే ఆ పని. ఈ మూడింటిలో ఏది తప్పినా, మశూచి నుంచి బయటపడవలసిన మేక చీముతోనో, పురుగులతోనో, ఆకలితోనో చనిపోతుంది.

పగలని గట్టి బొడిపెలను ఏమీ చేయకూడదు. నొక్కడం, గుచ్చడం, రుద్దడం వద్దు. పక్కు కట్టినదాన్ని గోటితో లాగకూడదు. కింద చర్మం మానకముందే పక్కు ఊడితే రక్తం కారి కొత్త పుండు ఏర్పడుతుంది, వైరస్ ఉన్న ముక్కలు చుట్టూ రాలతాయి. అంచు తానుగా లేచేదాకా ఆగాలి.

పగిలి తడిగా ఉన్న పుండ్లను రోజుకు రెండుసార్లు కడగాలి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు, అంటే సుమారు 9 గ్రాములు, కలిపితే చాలు. లేదా పొటాషియం పర్మాంగనేట్ నీరు వాడవచ్చు. అది లేత గులాబీ రంగులో ఉండాలి. ముదురు ఊదా అయితే ఎక్కువైనట్లే. పలుకులు పూర్తిగా కరగాలి, కరగని పలుకు చర్మాన్ని కాలుస్తుంది. కడిగాక మెత్తని గుడ్డతో అద్ది, తుడవకుండా ఆరనిచ్చి, పొవిడోన్ అయోడిన్ పూయాలి. వాడిన దూదిని, గుడ్డను కాల్చాలి. అదే గుడ్డతో రెండో మేకను తాకకూడదు.

పుండు అంచులకు వేపనూనె రాస్తే ఈగలు కొంత దూరంగా ఉంటాయి. ఇళ్లలో వేపాకు, పసుపు నూరి పూయడం అలవాటు. పలచగా రాస్తే ఫరవాలేదు. మందంగా పట్టించి కప్పేస్తే మాత్రం కింద చీము పట్టినా తెలియదు, పక్కు తడిగానే ఉండిపోతుంది. ఇంజను ఆయిల్, కిరోసిన్, బ్యాటరీ నీరు లాంటివి పుండుమీద ఎప్పుడూ పోయకూడదు. స్టెరాయిడ్ కలిసిన మలాములు వైద్యుడు చెప్పకుండా వాడితే శరీరం వైరస్‌తో పోరాడే శక్తి తగ్గుతుంది.

కళ్లకు అయోడిన్, పర్మాంగనేట్ వద్దు. ఉప్పునీటిలో ముంచిన దూదితో కంటి మూలనుంచి బయటికి తుడవాలి. నోటి పుండ్లకు గ్లిజరిన్‌లో బోరిక్ పొడి కలిపిన మందును పశువైద్యులు ఇస్తుంటారు. మేత గట్టిగా ఉంటే మేక తినదు. లేత ఆకులు, తరిగిన పచ్చగడ్డి, పలచని గంజి కొద్దికొద్దిగా పెట్టాలి. గంజి, అన్నం ఎక్కువైతే కడుపులో పులిసి మరో జబ్బు తెస్తాయి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

పుండు నుంచి కుళ్లిన వాసన రావడం, చుట్టూ వాచి వేడిగా ఉండడం, తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కడం బాక్టీరియా చేరిన గుర్తులు. అప్పుడు యాంటీబయాటిక్ అవసరం. ఏది, ఎంత, ఎన్నిరోజులు అన్నది మేక బరువు చూసి వైద్యుడు నిర్ణయిస్తాడు. పుండులో చిన్న రంధ్రం, అందులోంచి పలచని ఎర్రనీరు, మేక పదేపదే అటు తిరిగి చూడడం ఉంటే పురుగులు పట్టాయని అర్థం. పైకి కనబడేవి తీసేస్తే సరిపోదు. లోపలివాటిని బయటికి రప్పించి పట్టుకారుతో తీయాలి. అది తెలిసినవారే చేయాలి.

టీకా ఎవరికి, ఎప్పుడు?

మన దేశంలో మేకలకు వాడే టీకాల్లో ముఖ్యమైనది ఉత్తరకాశి రకం వైరస్‌ను బలహీనపరచి భారత పశువైద్య పరిశోధన సంస్థ తయారుచేసినది. గొర్రెలకు రాణిపేట, రోమేనియన్ ఫనార్, శ్రీనగర్ రకాల టీకాలున్నాయి. మూడు నెలలు దాటిన పిల్లలకు చర్మం కింద వేస్తారు. ఇది బతికివున్న వైరస్ టీకా. కొనుగోలు నుంచి సూది దాకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉండాలి. ద్రవంలో కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి. ఎండలో సంచిలో మోసుకొచ్చిన టీకా వేసినా వేయనట్లే.

రోగం మొదలయ్యాక టీకాకు పరిమితి ఉంది. జబ్బుపడినవాటికి అది పనిచేయదు. వైరస్ అప్పటికే ఒంట్లో ఉండి పైకి కనబడని మేకకు టీకా వేశాక పొక్కులు రావచ్చు. అప్పుడు 'టీకాతోనే జబ్బు వచ్చింది' అనుకుంటారు. టీకా రక్షణ పూర్తిగా రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి చుట్టుపక్కల ఇళ్లలోని ఆరోగ్యవంతమైన మేకలకు ముందు వేసి, రోగం ఉన్న ఇంటివైపు రావాలి. ఒక్కో మేకకు ఒక్కో సూది ఉండాలి. ఒకే సూదితో మందంతా వేస్తే రోగాన్ని చేత్తో పంచినట్లే.

ఈ టీకాకు గత కొన్నేళ్లుగా మరో పని కూడా పడింది. పశువుల లంపీ స్కిన్ వ్యాధి మన దేశంలో 2019లో మొదట ఒడిశాలో బయటపడింది. అప్పుడు దానికంటూ దేశీయ టీకా లేదు. వైరస్‌లు దగ్గరి బంధువులు కావడంతో మేకల మశూచి టీకానే ఎక్కువ మోతాదులో పశువులకు వేశారు.

చెప్పడం ఎందుకు అవసరం?

గొర్రెల, మేకల మశూచి 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం జాబితాలో ఉంది. అనుమానం కలిగినా పశువైద్య అధికారులకు తెలపాలి. పశ్చిమ బెంగాల్‌లో బ్లాకు స్థాయి ప్రాణి సంపద కార్యాలయంలో చెప్పవచ్చు. చాలా రాష్ట్రాల్లో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

పొక్కులు కనబడగానే మేకను తక్కువ ధరకు అమ్మేయడం నష్టం తప్పించుకునే దారిలా కనబడుతుంది. కానీ ఆ మేక అత్యంత ప్రమాదకరమైన మొదటి వారంలోనే సంతకు చేరుతుంది. అక్కడినుంచి పది ఇళ్లకు వైరస్ పోతుంది. బక్రీద్ ముందు, పండుగలప్పుడు సంతలు కిక్కిరిసి ఉన్నప్పుడు ఇది మరింత త్వరగా జరుగుతుంది. చనిపోయిన మేక తోలు ఒలవకుండా, నీటివనరులకు దూరంగా లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి.

కోలుకున్న మేకకు ఈ రోగం మళ్లీ రావడం అరుదు. అది రోగాన్ని జీవితాంతం మోసుకు తిరగదు కూడా. అందుకని మచ్చలు పడిన మేకను ఎప్పటికీ వెలివేయనక్కరలేదు. ఆఖరి పక్కు రాలి, కింద చర్మం ఆరి గట్టిపడిందా అన్నది వేళ్లతో తడిమి చూడాలి. తోక కింద, చెవి వెనక, పొదుగు దగ్గర ఒక్క పక్కు అయినా తగిలితే మందలో కలపడానికి ఇంకా సమయం కాలేదు.